ముప్పై కోసి ఇచ్చారు, పన్ను తీరిందా?

2021 నవంబరులో జెమినీ టీవీలో జూనియర్ ఎన్టీఆర్ నడిపిన ‘ఎవరు మీలో కోటీశ్వరులు’లో ఒక పోలీసు ఎస్సై కోటి రూపాయలు గెలిచాడు. ఆ వారమంతా గుంటూరు చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర ఒకటే లెక్క. ఒకరు కోటి అంటే, ఇంకొకరు “కోటి ఎక్కడిది, ముప్పై గవర్నమెంటు కోసుకుంటది, చేతికి డెబ్భై” అని సర్దిచెప్పారు. రెండోవాడు తెలివైనవాడిలా కనిపిస్తాడు గానీ అతని లెక్క కూడా తప్పే. చేతికి వచ్చేది డెబ్భై లక్షలైతే కావచ్చు, చివరికి మిగిలేది మాత్రం డెబ్భై కాదు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలియాలంటే చట్టంలోని మాటలను ఒక్కొక్కటిగా విప్పుకోవాలి. చదవాల్సినవి ప్రధానంగా మూడు: 1961 ఆదాయ పన్ను చట్టంలోని 115బీబీ, 58(4), 194బీ సెక్షన్లు. మొదటిది ఎంత పన్నో చెబుతుంది. రెండోది ఖర్చులు తీసెయ్యడానికి వీల్లేదంటుంది. మూడోది డబ్బు ఇచ్చేవాడే ముందుగా కోసి ఉంచుకోవాలంటుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం వచ్చింది కాబట్టి ఆ తర్వాతి గెలుపులకు సెక్షన్ల నంబర్లు వేరుగా ఉంటాయి. ముప్పై శాతం అలాగే ఉంది.

“లాటరీలు, పద ప్రహేళికలు, పందేలు, పేకాట, ఏ రకమైన ఆటలైనా”

చట్టం ఈ జాబితాను కావాలనే వెడల్పుగా రాసింది. లాటరీల దగ్గర మొదలుపెట్టి, “ఏ రూపంలోనైనా, ఏ స్వభావమున్నదైనా” జూదం, బెట్టింగు అనేదాకా లాగింది. నైపుణ్యం ఉన్న ఆటా, కేవలం అదృష్టం మీద నడిచే ఆటా అనే వాదన పోలీసు కేసులో పనికొస్తుంది. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని 1968లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు మన ఆంధ్రప్రదేశ్‌దే. పన్ను ఆఫీసులో మాత్రం ఆ తీర్పు చూపించి ఒక్క రూపాయి తగ్గించుకోలేరు. పదేళ్లు చదివి జవాబు చెప్పినా, కళ్లు మూసుకుని చీటీ తీసినా రేటు ఒకటే.

ఈ జాబితాలో టీవీ ఆటల ప్రస్తావన మొదట్లో లేదు. 2000 జులైలో అమితాబ్ బచ్చన్ ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ మొదలైంది. మరుసటి ఏడాది, 2001 ఫైనాన్స్ చట్టం ఒక వివరణ చేర్చింది. టీవీలోగాని, ఎలక్ట్రానిక్ పద్ధతిలోగాని బహుమతుల కోసం జనం పోటీపడే గేమ్ షో కూడా “ఆట” కిందకే వస్తుందని అందులో రాశారు. ఏ పథకం కిందైనా చీటీలు తీసి ఇచ్చే బహుమతి “లాటరీ”యే అనీ చేర్చారు. దసరాకి బట్టల షాపులో పెట్టే లక్కీ డ్రా, ఎరువుల కంపెనీ రైతులకు పెట్టే కూపన్ డ్రా ఈ రెండో ముక్క కిందకు వస్తాయి. “మేం లాటరీ టికెట్ కొనలేదండీ, ఎరువు బస్తాలు కొన్నాం” అనే మాట ఇక్కడ చెల్లదు. అదే ఫైనాన్స్ చట్టం 115బీబీ రేటును 40 నుంచి 30కి దించింది. వల పెద్దదైంది, కత్తి చిన్నదైంది.

చిట్‌ఫండ్ పాట సంగతి వేరు. నెలనెలా చీటీ తీసి “ఈ నెల నీకొచ్చింది” అన్నప్పుడు అది లాటరీ గెలుపు కాదు. అక్కడ చీటీ తేల్చేది ఎవరి డబ్బు ఎప్పుడు చేతికొస్తుందన్న వరసనే. తన వాయిదాలు తానే కట్టుకుంటాడు కాబట్టి అందులో గెలుపు లేదు.

“ముప్పై శాతం చొప్పున”

ఈ మూడు మాటల్లో ఒక మాట దాగుంది: మొదటి రూపాయి నుంచి. మామూలు ఆదాయానికి శ్లాబులుంటాయి. కొంతవరకు పన్నే లేదు, ఆపైన అయిదు శాతం, పది శాతం అని మెట్లుంటాయి. గెలుపుకు మెట్లు లేవు. పెదకాకానిలో రెండెకరాల పత్తి, మూడెకరాల మిర్చి వేసే రైతును తీసుకుందాం. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, మరో ఆదాయం లేదు, జీవితంలో రిటర్ను వేసినవాడు కాదు. ఆయనకు ఒక డ్రాలో లక్ష రూపాయలు వచ్చాయి. “నాకు నాలుగు లక్షల దాకా పన్ను లేదుగా ఆడిటర్ గారూ” అంటాడాయన. ఆ నాలుగు లక్షల గీత ఈ లక్షను తాకదు. లక్ష మీద పన్ను 30,000. దాని మీద నాలుగు శాతం సెస్సు 1,200. మొత్తం 31,200.

రేటును ముప్పై అని రాసి సెస్సును పక్కన పెట్టడం వల్లనే సగం గందరగోళం. సర్‌చార్జీ వచ్చేసరికి అది ఇంకా పెరుగుతుంది. మొత్తం ఆదాయం 50 లక్షలు దాటితే పన్ను మీద పది శాతం, కోటి దాటితే పదిహేను, రెండు కోట్లు దాటితే ఇరవై అయిదు సర్‌చార్జీగా పడుతుంది. ఆ పన్నూ సర్‌చార్జీ కలిపినదాని మీద మళ్లీ నాలుగు శాతం సెస్సు. కోటి రూపాయల గెలుపుకు లెక్క వేసి చూద్దాం. గెలిచినవాడు మన పెదకాకాని రైతే, ఇంకో పన్ను పడే ఆదాయం లేదు.

కోటి మీద ముప్పై శాతం: 30,00,000
దాని మీద సర్‌చార్జీ పది శాతం: 3,00,000
ఆ రెండింటి మీద సెస్సు నాలుగు శాతం: 1,32,000
మొత్తం పన్ను: 34,32,000
టీవీ కంపెనీ కోసి ఉంచుకునేది: 30,00,000
ఇంకా కట్టాల్సింది: 4,32,000

చివరికి మిగిలేది 65,68,000. ముప్పై ముప్పై అని అందరూ అంటున్న పన్ను అసలు 34.32 శాతం. బ్యాంకు వడ్డీ లాంటిది కాస్త కలిసి మొత్తం కోటి దాటిందనుకోండి, సర్‌చార్జీ పదిహేనుకు ఎగబాకుతుంది. అప్పుడు పెరిగిన పన్ను పెరిగిన ఆదాయాన్ని మించకుండా మార్జినల్ రిలీఫ్ అనే సర్దుబాటు ఉంది. కానీ ఆ వడ్డీ దాదాపుగా పన్నుకే పోయినట్టు.

కేరళ ఓణం బంపర్‌లో ఇది ఇంకా స్పష్టంగా బయటపడింది. 2022లో తిరువనంతపురం ఆటో డ్రైవరుకు 25 కోట్లు తగిలాయి. ఏజెంటు కమిషన్ పది శాతం తీసి, మిగిలిన 22.5 కోట్ల మీద ముప్పై శాతం కోసి, 15.75 కోట్లు చేతికొస్తాయని పేపర్లన్నీ రాశాయి. అప్పట్లో అయిదు కోట్లు దాటిన ఆదాయానికి సర్‌చార్జీ 37 శాతం. అది, దాని మీద సెస్సు కలిపితే ఆ 15.75లోంచి మరో 2.87 కోట్లు కట్టాలి. మిగిలేది 12.88 కోట్లు. ఎవరైనా 15.75 కోట్లూ తనవే అనుకుని పొలాలు, ఇళ్లు కొనేస్తే ఏడాది తిరిగేసరికి పన్ను కట్టడానికి అప్పు చెయ్యాల్సిందే.

“ఏ ఖర్చుకూ, ఏ మినహాయింపుకూ తగ్గింపు లేదు”

ఇది 58(4) మాట. “ఈ చట్టంలోని ఏ నిబంధన కింద కూడా” అన్న ముక్క కూడా అందులో ఉంది, తలుపుకు లోపలి గొళ్లెంలాగ. హైదరాబాదుకు ఆడిషన్‌కు వెళ్లిన బస్సు చార్జీ, లాడ్జి అద్దె, పోటీకి చదవడానికి కొన్న పుస్తకాలు, ఫోన్ మెసేజీల ఖర్చు ఏదీ గెలుపులోంచి తీయడానికి లేదు. కేరళ వెళ్లినప్పుడల్లా టికెట్లు కొని, నలభైసార్లు పోగొట్టుకుని నలభై ఒకటోసారి పదివేలు గెలిచినా, ఆ నలభై టికెట్ల ధర కూడా తీయరు. ఎల్ఐసీ ప్రీమియం, పిల్లల ఫీజులు లాంటి 80సీ మినహాయింపులను కూడా రిటర్ను వేసేటప్పుడు ఈ ఆదాయానికి కలపనివ్వదు. గెలిచిన రూపాయి గెలిచినట్టే పన్నుకు వెళ్తుంది.

ఇది ముందు నుంచీ ఇలా లేదు. 1972 దాకా లాటరీ గెలుపును పన్ను ఆదాయంగానే చూడలేదు. ఆ ఏడాది దాన్ని ఆదాయం కిందకు తెచ్చారు, దాంతోపాటే 80టీటీ అనే తగ్గింపు ఇచ్చారు. మొదటి అయిదు వేలు, ఆపైన దానిలో సగం పన్ను పడకుండా పోయేవి. 1986 ఫైనాన్స్ చట్టం ఆ తగ్గింపు తీసేసి, దాని చోట 40 శాతం నేరు రేటు పెట్టింది, ఖర్చుల దారి కూడా మూసేసింది. అంటే ముప్పై శాతం అనే ఈ సూటి రేటు, తగ్గింపులు పోగొట్టుకున్నందుకు వచ్చిన ప్రతిఫలం. పదివేలు గెలిచిన పేదవాడికి అది పరిహారమే కాదు. ఆ పాత తగ్గింపు ఎక్కువగా కాపాడింది అతనినే.

ఖర్చులకు తలుపు మూసిన చట్టం ఒక్కరికి మాత్రం కిటికీ తెరిచింది: పందెపు గుర్రాలను సొంతంగా పెంచి పరిగెత్తించేవాళ్లకు. వాళ్లకు దాణా, జాకీ, వైద్యం ఖర్చులు తీసుకోనిస్తుంది. మన మిర్చి యార్డు చుట్టూ దీనితో పనిపడేవాళ్లు ఎవరో నాకు తెలియదు. ఒంగోలు గిత్తల యజమానులకు ఇలాంటి కిటికీ లేదు. వాళ్లకు అసలు ఈ సెక్షన్ వర్తిస్తుందా అన్నదే వేరే తగాదా. దాని గురించి చివర్లో.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇది వింతగా కనిపిస్తుంది. అక్కడి పన్ను నివాసి గెలుపును పూర్తిగా చూపించి, అదే ఏడాది పోగొట్టుకున్న జూదపు డబ్బును గెలుపు మేరకు తగ్గించుకునే వీలు ఎప్పటి నుంచో ఉంది. 2026 నుంచి ఆ నష్టంలో తొంభై శాతానికి మించి ఒప్పుకోరు. పెద్ద గెలుపుల్లో కంపెనీ ముందే కోసేది 24 శాతం. మన ఖర్చుల లెక్క వాళ్ల దగ్గర చెల్లుతుంది, మన దగ్గర చెల్లదు.

మన దేశంలోనే ఒకచోట మాత్రం లెక్క వేరు. ఆన్‌లైన్ ఆటల గెలుపులకు 2023 ఏప్రిల్ నుంచి విడిగా సెక్షన్లు పెట్టారు. అందులో పన్ను “నికర గెలుపు” మీద. వేసిన డబ్బు, తీసిన డబ్బు, ఖాతాలో మిగిలింది అన్నీ చూసి తేల్చిన మొత్తం అది. అందులో పదివేల గీత కూడా లేదు. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది కాబట్టి ఇప్పుడు దాని సంగతి ఎక్కువగా పాత ఏళ్ల రిటర్నుల్లోనే తగులుతుంది. ఆంధ్రాలో ఆ ఆటలకు 2020 నుంచే రాష్ట్ర చట్టం అడ్డం ఉంది.

“చెల్లించే సమయంలో”

194బీ ఆదేశించేది బహుమతి ఇచ్చేవాడిని. టీవీ కంపెనీయో, లాటరీ శాఖో, షాపు యజమానో డబ్బు చేతిలో పెట్టేముందు 30 శాతం తీసి ప్రభుత్వానికి కట్టాలి. దేశవాసికి ఇచ్చే ఈ చెల్లింపులో సెస్సుగాని సర్‌చార్జీగాని కొయ్యరు. కోట్లకొద్దీ గెలిచినా కోసేది ముప్పై శాతమే. అందుకే పైన చూసిన 4,32,000 తేలింది. చెల్లింపుదారుడు తప్పు చెయ్యలేదు. నిబంధన ప్రకారమే కోశాడు. తక్కినది గెలిచినవాడు తనంతట తాను కట్టుకోవాలి.

“కోసుకున్నారుగా, ఇంకేం కట్టాలి?” అని అడిగేవాళ్లకు చెప్పాల్సింది ఒకటే. కోసింది పన్నుకు అడ్వాన్సు, చివరి లెక్క కాదు. మార్చి 31లోగా మిగతాది అడ్వాన్స్ టాక్సుగా కట్టెయ్యాలి. అనుకోకుండా గెలిచినవాడికి చట్టం ఒక ఊరట ఇచ్చింది. గెలుపు ఎప్పుడొస్తుందో ముందే అంచనా వెయ్యలేడు కాబట్టి, మునుపటి వాయిదాలు తక్కువ కట్టినందుకు వడ్డీ లేదు, గెలిచిన తర్వాతి వాయిదాల్లో కడితే చాలు. మార్చి 31 దాటితే మాత్రం ఏప్రిల్ నుంచి నెలకు ఒక శాతం. 4,32,000 మీద అది నెలకు 4,320. జులైలో రిటర్ను వేసేటప్పుడు కడదాంలే అనుకుంటే ఏప్రిల్ నుంచి జులై దాకా నాలుగు నెలలకు 17,280 ఊరికే పోతుంది. వయసు అరవై దాటి, వ్యాపార ఆదాయం లేనివాళ్లకు అడ్వాన్స్ టాక్సు బాధ్యతే లేదు కనుక ఈ వడ్డీ వాళ్లకు పడదు.

“పదివేల రూపాయలు మించితే”

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. పదివేలు అన్న అంకె కొయ్యడానికి గీత, పన్నుకు గీత కాదు. పదివేలు దాటని బహుమతికి కొయ్యకుండా పూర్తిగా ఇస్తారు. తొమ్మిది వేలు గెలిచిన టీచరు గారు అది చూపించకపోతే ఎవరూ గమనించకపోవచ్చు గానీ, దాని మీద 30 శాతం పన్ను చట్టప్రకారం ఉన్నట్టే. పదివేలు దాటితే, దాటిన భాగం మీద కాదు, మొత్తం మీద కోస్తారు. పన్నెండు వేలు వస్తే 3,600.

2023 ఏప్రిల్ నుంచి రెండేళ్లపాటు ఏడాది మొత్తంలో ఒకే సంస్థ ఇచ్చిన బహుమతులు కలిపి చూసేవాళ్లు. చిన్న చిన్న డ్రాలు కలిసి పదివేలు దాటినా కోత పడేది. 2025 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ ఒక్కో చెల్లింపును విడిగా చూడాలని మార్చారు.

పాన్ లేకపోతే ఏమవుతుందని రైతులు అడుగుతారు. పాన్ లేనివాళ్లకు కోసే కనీస రేటు ఇరవై శాతం. ఇక్కడ రేటు ముందే ముప్పై కాబట్టి ఇంకా పెరగదు. అయితే కోసిన డబ్బు మీ పేరు మీద ఎక్కడా పడదు. ప్రభుత్వం దగ్గర డబ్బు ఉంటుంది, మీ ఖాతాలో మాత్రం సున్నా.

“బహుమతి వస్తువుగా ఉంటే”

డబ్బయితే కోసి ఇస్తారు. బైకును ఎలా కోస్తారు? చట్టం దీనికి ఒక నియమం పెట్టింది. బహుమతి మొత్తం వస్తువే అయినా, కొంత వస్తువు, కొంత నగదు అయి ఆ నగదు పన్నుకు చాలకపోయినా, ఇచ్చేవాడు పన్ను కట్టారని చూసుకున్నాకే వస్తువును వదలాలి. పన్ను వసూలు చేయకుండా వదిలేస్తే ఇచ్చినవాడిపై జరిమానా, కేసు దాకా పోతుంది. 96,000 ఖరీదున్న బైకు తగిలితే ముందు 28,800 కట్టాలి. పండుగ పూట ఆ మాట వినగానే “అంత ఇచ్చుకుని నేనేం గెలిచినట్టు?” అని ముఖం చిన్నబుచ్చుకునేవాళ్లున్నారు. కొందరు షాపువాళ్లు ఆ పన్ను తామే కట్టేస్తారు. కట్టినా, దాని రికార్డు గెలిచినవాడి పేరునే ఉండాలి, సెస్సు తేడా గెలిచినవాడిదే.

ఈ ఒక్క నియమం దొంగ ఫోన్‌కాల్‌ను పట్టుకోవడానికి బాగా పనికొస్తుంది. “మీకు పాతిక లక్షల లాటరీ తగిలింది, ముందు టాక్సు కట్టండి, ఈ ఖాతాకు వెయ్యండి” అనేది ఎప్పుడూ మోసమే. నగదు బహుమతికి పన్ను ఆ నగదులోంచే కోస్తారు. గెలిచినవాడు ఎదురు పంపడమనే మాటే లేదు. ముందుగా పన్ను అడిగే వీలున్నది వస్తువు బహుమతికి మాత్రమే. అక్కడ కూడా డబ్బు పోయేది ప్రభుత్వ చలానాకు, ఎవరి సొంత బ్యాంకు ఖాతాకూ కాదు.

“మిగతా ఆదాయం”

115బీబీ ఇలా చెబుతుంది: గెలుపు మీద ముప్పై శాతం, అది తీసేసిన మిగతా ఆదాయానికి మామూలు శ్లాబు, ఈ రెండూ కలిపితే వచ్చేది మొత్తం పన్ను. ఇందులో మెలిక పన్నెండు లక్షల రిబేటు దగ్గర తగులుతుంది. 2025–26లో కొత్త పద్ధతిలో మొత్తం ఆదాయం పన్నెండు లక్షల లోపుంటే పన్ను సున్నా అని అందరికీ తెలుసు. ఆ రిబేటు గెలుపు మీది పన్నుకు వర్తించదు. అంతవరకు తెలిసినవాళ్లున్నారు. తెలియనిది రెండో దెబ్బ. పన్నెండు లక్షల గీతను కొలిచేటప్పుడు గెలుపును కూడా కలుపుతారు.

పెదకాకాని మండలంలో పనిచేసే ఒక ఉపాధ్యాయిని జీతం, స్టాండర్డ్ డిడక్షన్ పోగా, 11 లక్షలు అనుకుందాం. గెలుపు లేకపోతే ఆమెకు శ్లాబు ప్రకారం 50,000 పన్ను తేలి, రిబేటుతో మొత్తం మాఫీ. అదే ఏడాది ఒక షోలో ఆమె మూడు లక్షలు గెలిచింది. మొత్తం 14 లక్షలైంది, పన్నెండు దాటింది. రిబేటు పోయింది. జీతం మీద 50,000, గెలుపు మీద 90,000, వెరసి 1,40,000. సెస్సు 5,600 కలిపితే 1,45,600. టీవీ కంపెనీ కోసింది 90,000, కాబట్టి 55,600 తన జేబులోంచి కట్టాలి. మూడు లక్షల బహుమతిలో నిజంగా కలిసొచ్చింది 1,54,400. ముప్పై శాతం పన్ను అని ఇంటికి వచ్చి, దాదాపు సగం కట్టింది. ఇది చట్టం రాసినవాళ్ల ఉద్దేశమా, రెండు నియమాలు ఢీకొన్న ఫలితమా అంటే రెండోదే అని నా అనుమానం.

రిటర్నులో ఎక్కడ కనిపిస్తుంది

గెలిచినవాడు ముందుగా చూడాల్సింది ఫారం 26ఏఎస్. ఇ-ఫైలింగ్ పోర్టల్‌లో పాన్‌తో లాగిన్ అయితే అందులో చెల్లింపుదారుడి పేరు, 194బీ అనే సెక్షన్, ఇచ్చిన మొత్తం, కోసిన పన్ను వరసగా ఉంటాయి. ఇచ్చినవాడు కోసిన పన్నును తర్వాతి నెల ఏడో తేదీలోగా కట్టాలి (మార్చిలో కోసిందైతే ఏప్రిల్ నెలాఖరు దాకా గడువు), మూడు నెలలకోసారి పత్రం దాఖలు చేయాలి. ఆ తర్వాతే ఈ వరస కనిపిస్తుంది. అతను ఇచ్చే ఫారం 16ఏ అంకెలు దీనితో సరిపోవాలి. కోశాడు గానీ కట్టలేదని తేలితే, కోసిన మేరకు గెలిచినవాడిని మళ్లీ అడగకూడదని చట్టం ఉంది. అయితే కోసిన రుజువు దగ్గరుండాలి. అందుకే బ్యాంకులో పడ్డ 70 లక్షల ఎంట్రీతోపాటు, కోటికి 30 కోసినట్టు రాసిచ్చిన ఉత్తరం కూడా జాగ్రత్తగా ఉంచుకోవాలి.

ఇక రిటర్ను ఫారం. లాటరీ, గేమ్ షో గెలుపు ఉన్నవాళ్లకు సులువైన ఐటీఆర్-1 పనికిరాదు. ఐటీఆర్-2 వెయ్యాలి, వ్యాపారం ఉంటే ఐటీఆర్-3. పెదకాకాని బజారులో చిల్లర కొట్టు పెట్టుకుని ఏటా ఐటీఆర్-4 వేసే వర్తకుడికి కూడా ఆ ఏడాది ఐటీఆర్-3యే గతి. గెలుపును ఇతర ఆదాయాల షెడ్యూల్‌లో పూర్తి మొత్తంగా చూపాలి, చేతికొచ్చిన 70 లక్షలుగా కాదు. అక్కడి నుంచి ప్రత్యేక రేటు షెడ్యూల్‌కు ముప్పై శాతం కిందకు పోతుంది, కోసిన పన్ను వేరే షెడ్యూల్‌లో కలుస్తుంది. కోటికి బదులు డెబ్భై లక్షలు చూపించి, ముప్పై లక్షల కోతనూ అడిగేవాళ్లు ఉంటారు. ఆ రిటర్ను 26ఏఎస్‌తో పోల్చగానే దొరికిపోతుంది.

ఎప్పుడూ రిటర్ను వెయ్యని రైతుకు ఒక నియమం వర్తిస్తుంది. ఏడాదిలో కోసిన పన్ను 25,000 దాటినా, సరిగ్గా అంతే ఉన్నా (అరవై ఏళ్లు నిండినవాళ్లకు 50,000), మొత్తం ఆదాయం పన్ను గీత కింద ఉన్నా రిటర్ను వెయ్యాల్సిందే. పైన లక్ష గెలిచిన మన రైతుకు 30,000 కోశారు. ఆయన వయసు అరవై లోపైతే రిటర్ను తప్పనిసరి. ఆ రిటర్నులో ఆయనకు 1,200 కట్టాల్సింది తేలుతుంది, తిరిగొచ్చేది ఏమీ ఉండదు. “వ్యవసాయదారుణ్ణి, నాకు టీడీఎస్ మొత్తం వాపసు వస్తుంది” అని ఆశపెట్టి ఫీజు తీసుకునేవాడిని నమ్మకూడదు.

ఎడ్ల పందెం

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఒంగోలు గిత్తలతో బండలాగుడు పోటీలు పెడతారు, గెలిచిన జతకు నగదో బైకో ఇస్తారు. ఆ బహుమతికి ముప్పై శాతం రేటు వర్తిస్తుందా? 1993లో సుప్రీంకోర్టు మోటారు ర్యాలీ గెలిచిన కార్తికేయన్ కేసులో ఆ బహుమతి డబ్బు ఆదాయమేనని తేల్చింది. నైపుణ్యం, ఓర్పు చూపి గెలిచినా, అది ఆదాయం అనే విశాలమైన మాట కిందకు వస్తుందని చెప్పింది. కాబట్టి పన్ను పడదనే వాదన నిలవదు. తగాదా రేటు మీద. “ఏ రకమైన ఆటలైనా” అన్న మాటలోకి ఎడ్ల జత యజమాని వచ్చాడంటే ముప్పై శాతం, దాణా ఖర్చు ఒక్క పైసా తీయరు. రాలేదంటే ఇతర ఆదాయంగా శ్లాబు రేటు, ఏడాది పొడుగునా మేపిన ఖర్చు తీసుకోవచ్చని వాదించే వీలు. ఎడ్లను మేపి, శిక్షణ ఇచ్చి చేసే ఈ పని గెలుపు ఆటకన్నా వృత్తికి దగ్గరని నేనంటాను. ఆఫీసరు ఒప్పుకుంటాడని మాత్రం చెప్పలేను. నిర్వాహకులు 194బీ కింద ముందే కోసేశారంటే, రిటర్ను వేసే రోజున ఆ వాదన మొదలుపెట్టాల్సింది గిత్తల యజమానే.